ప్రొబేషన్ పూర్తి, ఉద్యోగం ఖరారు గురించి సుజాత గారికి ఉత్తరం

పర్లాకిమిడి,
19 జూన్ 2025

శ్రీమతి సుజాత గారికి,
గ్రేడింగ్ సూపర్‌వైజర్,
జీడిపప్పు మిల్లు, పర్లాకిమిడి.

విషయం: మీ ప్రొబేషన్ 18 జూన్ 2025 నాటికి పూర్తయింది. 19 జూన్ 2025 నుంచి మీ ఉద్యోగం పర్మనెంట్ అయింది.

సుజాత గారూ,

మీ ఉద్యోగం ఖరారైంది. ఈ రోజు నుంచి మీరు మన మిల్లులో పర్మనెంట్ ఉద్యోగి. మిగతాదంతా ఎప్పుడు చదువుకున్నా ఫర్వాలేదు, ఈ మాట మాత్రం ముందు చేరాలని మొదటే రాస్తున్నాను.

జూన్ 2న మీరు ఆఫీసు గదికి వచ్చి "ఆరు నెలలు నిన్నటితో అయిపోయాయి సార్, నన్ను ఉంచుతున్నట్టా, లేనట్టా?" అని అడిగారు. సెలవు రోజులు కలుస్తాయి, ఇంకొన్నాళ్లు పడుతుందని చెప్పి పంపేశాను. ఎన్ని రోజులో, ఏ తేదీకో చెప్పలేదు. ఆ రెండున్నర వారాలూ మీరు ఎంత టెన్షన్ పడ్డారో మీ సెక్షన్ వాళ్లు చెబితేగానీ నాకు తెలియలేదు. తేదీ అప్పుడే కాగితం మీద రాసి మీ చేతికి ఇచ్చి ఉండాల్సింది. అది నా వల్ల జరిగిన పొరపాటు. అందుకే ఈ ఉత్తరంలో లెక్క మొత్తం వివరంగా రాస్తున్నాను. మీరూ ఒకసారి లెక్కపెట్టి చూసుకోండి.

మీరు చేరింది 2 డిసెంబర్ 2024, సోమవారం. అక్కడి నుంచి ఆరు నెలలంటే 1 జూన్ 2025తో పూర్తవుతాయి. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఐదో అంశం ప్రకారం ప్రొబేషన్ కాలంలో పెట్టిన సెలవు రోజులన్నీ ఆ ఆరు నెలలకు కలుస్తాయి. ఆదివారాలూ, మిల్లు మూసే పండుగ రోజులూ కలవవు. ప్రొబేషన్ పెట్టేది మనిషి పని దగ్గరుండి చూడటానికి కాబట్టి, మనిషి లేని రోజులను చూసినట్టు లెక్క వేయలేం. అంతకు మించి ఈ నియమంలో ఏమీ లేదు. సెలవు పెట్టినందుకు శిక్షగా దీన్ని ఎప్పుడూ వాడలేదు, వాడబోము కూడా.

మస్టర్ రోల్ ప్రకారం మీ సెలవులు ఇవి. జనవరిలో సంక్రాంతికి 13, 15, 16 తేదీలు. 14న మిల్లు ఎలాగూ మూసి ఉంది కాబట్టి అది మీ ఖాతాలో పడదు. అవి మూడు రోజులు. మార్చిలో మీ అత్తగారికి బరంపురంలో ఆపరేషన్ జరిగినప్పుడు 3వ తేదీ నుంచి 12 వరకూ మీరు రాలేదు. ఆ మధ్యలో 9వ తేదీ ఆదివారం తీసేస్తే తొమ్మిది రోజులు. మే నెలలో జ్వరంతో 5 నుంచి 9 వరకు ఐదు రోజులు. అన్నీ కలిపితే పదిహేడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆఫీసులో మొదట వేసిన లెక్కలో పద్దెనిమిది వచ్చింది. మార్చి 9 ఆదివారాన్ని కూడా సెలవు కింద రాసేశారు. ఒక్క రోజే కదా అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క రోజు జీతం మీది, తేదీ మీది. మస్టర్ రోల్ తెప్పించుకుని, మీ పేరు వరుస మీద వేలు పెట్టి ఒక్కొక్క గడీ చూసుకుంటూ వెళ్లాను. 9వ తేదీ గడిలో అందరికీ ఉన్నట్టే వారపు సెలవు గుర్తు ఉంది. సరిదిద్దించి పక్కన నా సంతకం పెట్టాను.

జూన్ 2 నుంచి పదిహేడు రోజులు లెక్కపెడితే జూన్ 18 వస్తుంది. ఈ పదిహేడూ పనిదినాలుగా చూడాలని ఆఫీసులో ఒకరు అన్నారు. అలా చూస్తే మధ్యలో వచ్చిన రెండు ఆదివారాలూ, రజో పండుగకు మిల్లు మూసిన జూన్ 14వ తేదీ పోయి, మీ తేదీ ఇంకా ఆలస్యమయ్యేది. ఆర్డరులో "రోజులు" అని మాత్రమే ఉంది, "పనిదినాలు" అని లేదు. రాసిన మాటకు కట్టుబడాలి కాబట్టి మామూలు క్యాలెండర్ రోజులే తీసుకున్నాను. ఈ పదిహేడు రోజుల్లో మీరు ఒక్క సెలవు కూడా పెట్టలేదు, కాబట్టి ఇంకా కలపాల్సింది లేదు. ప్రొబేషన్ పూర్తయిన తేదీ 18 జూన్ 2025.

ఇక మీ పని. చేరిన కొత్తలో మీకు గ్రేడింగ్ బల్ల ఒక్కటే అప్పగించాం. ఫిబ్రవరి వచ్చేసరికి పొట్టు తీసే సెక్షన్ కూడా మీరే చూసుకోవడం మొదలుపెట్టారు, ఎవరూ చెప్పకుండానే. అక్కడ పనిచేసే వాళ్లలో సగం మంది ఒడియా మాట్లాడతారు, కొందరు సవర ఊళ్ల నుంచి వస్తారు, మిగతా వాళ్లు మనవాళ్లు. పాతపట్నం నుంచి రోజూ ఆటోలో సరిహద్దు దాటి వచ్చే మీకు ఒడియా ఇబ్బంది కాదని నాకు తెలుసు. సవర ఆడవాళ్ల దగ్గర వాళ్ల మాటలు నాలుగు నేర్చుకుని, గుండు ఎలా తీయాలి, బద్ద అయితే ఏ బుట్టలో వేయాలి అని పక్కన కూర్చుని చూపించడం మాత్రం నేను అనుకోలేదు. మార్చి తర్వాత ఆ వరుసలో విరిగిన పప్పు తగ్గిందని వాళ్లే నాతో అన్నారు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. 320 రకం అని చీటీ అంటించిన టిన్నులు సీలుకు సిద్ధంగా ఉన్నాయి. మీరు ఒక టిన్ను మూత తీయించి, పౌను పప్పు తూచి, స్టీలు పళ్లెంలో పోసి, పదేసి గుండ్లు పక్కకు జరుపుతూ లెక్కపెట్టారు. ఆ రకంలో పౌనుకు 300 నుంచి 320 గుండ్లు ఉండాలి. 337 వచ్చాయి. రెండో టిన్నులో 341. లారీ ఆగిపోతుంది, ఈసారికి పోనిద్దాం అని నేనే అన్నాను. మీరు నాకు ఎదురు చెప్పలేదు. పళ్లెం నా ముందు పెట్టి "మీరూ ఒకసారి లెక్కపెట్టండి సార్" అన్నారు. లెక్కపెట్టాక నోరెత్తలేకపోయాను. ఆ లాటు మళ్లీ గ్రేడ్ చేయించి మర్నాడు పంపాం. మీ మీద ఖరారు సంతకం పెట్టడానికి నాకు ఆ సాయంత్రం ఒక్కటి చాలు.

ఒక లోటు కూడా రాయాలి, లేకపోతే ఈ పొగడ్తకు విలువ ఉండదు. పొట్టు సెక్షన్ కార్డులు మీరు సాయంత్రం ఒకేసారి కూర్చుని నింపుతున్నారు. జ్ఞాపకం ఉన్నంత రాస్తున్నారు. ఎవరు ఎంత తీశారన్నది గంటగంటకూ రాయాలి, ఎందుకంటే వాళ్ల కూలి ఆ కార్డు మీదే ఆధారపడి ఉంది. మీరు రాసే ఒక్క అంకె పొరపాటైనా ఒకామె ఇంటికి తక్కువ డబ్బు పట్టుకెళ్తుంది. వచ్చే నెల నుంచి ఇది మారాలి. మీకు ఇంకొక మనిషి సాయం కావాలంటే అడగండి, ఇస్తాను.

జీతం నెలకు 15,600 రూపాయల నుంచి 17,400 రూపాయలకు పెరుగుతుంది, ఈ రోజు నుంచే. జూన్ నెలకు మొదటి పద్దెనిమిది రోజులకు రోజుకు 520 చొప్పున 9,360, మిగతా పన్నెండు రోజులకు రోజుకు 580 చొప్పున 6,960, మొత్తం 16,320 వస్తుంది. పి.ఎఫ్. వంటి కోతలు ఎప్పటిలాగే పోతాయి. ప్రొబేషన్‌లో సెలవులకు జీతం ఉండదన్న నియమం ప్రకారం ఆ పదిహేడు రోజుల జీతం ఆయా నెలల్లోనే తగ్గించాం. పొడిగింపు పేరుతో మళ్లీ ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఇది చాలామందికి అనుమానం ఉండే విషయం, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంకొకటి. ఖరారు తేదీ జూన్ 19 అయినా మీ సర్వీసు మొదలైంది 2 డిసెంబర్ 2024నే. బోనస్‌కూ, ఐదేళ్ల సర్వీసు నిండాక వచ్చే గ్రాట్యుటీకీ ఆ తేదీయే లెక్క. ప్రొబేషన్ నెలలు ఎక్కడికీ పోవు. ఈ డిసెంబర్ ఆఖరు దాకా మీకు జీతంతో కూడిన క్యాజువల్ సెలవులు ఐదు ఉంటాయి. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వాళ్లకు ఇరవై పనిదినాలకు ఒకటి చొప్పున వచ్చే ఏడాదికి ఆర్జిత సెలవు జమ అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకోవాల్సి వస్తే ఇక మార్చిలో పడ్డట్టు ఇబ్బంది పడకుండా ముందుగా వచ్చి చెప్పండి.

ఉద్యోగం మానాలన్నా, మేము మాన్పించాలన్నా ఇప్పటి వరకూ ఏడు రోజుల ముందు నోటీసు చాలు. ఇక నుంచి రెండు వైపులా ముప్పై రోజులు. అపాయింట్‌మెంట్ ఆర్డరులోని మిగతా షరతులన్నీ అలాగే ఉంటాయి.

మీ పి.ఎఫ్. ఖాతాలో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నట్టు ఆఫీసు వాళ్లు గమనించారు. ఇప్పుడు నష్టమేమీ లేదు గానీ, డబ్బు తీయాల్సిన రోజున ఇబ్బంది అవుతుంది. ఆధార్ కాపీ, పాస్‌బుక్ మొదటి పేజీ పట్టుకొస్తే ఈ నెలలోనే సరిచేయిద్దాం.

ఈ ఉత్తరానికి రెండు ప్రతులు పెట్టాను. ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రెండోదాని మీద తేదీ వేసి సంతకం చేసి శనివారం లోపు ఆఫీసులో ఇవ్వండి. ఫైలు కోసం ఇంగ్లిషు ప్రతి వేరేగా ఉంది, అందులోనూ తేదీలు, అంకెలు ఇవే. లెక్కలో ఎక్కడైనా తేడా కనిపిస్తే సంతకం చేయకుండా నా దగ్గరికి రండి, కూర్చుని మళ్లీ చూద్దాం.

మీ అత్తగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మేనేజర్,
జీడిపప్పు మిల్లు, పర్లాకిమిడి.

ప్రతి: జీతాల విభాగం, వ్యక్తిగత ఫైలు.