కాదన్న మాటే, కాస్త మన్ననగా

గత వారం మా అకౌంట్స్ విభాగం నుంచి సహోద్యోగులకు నేను పంపిన నాలుగు ముక్తసరి జవాబులను మళ్లీ చదువుకుంటే, కాదన్నందుకు కాక, కాదన్న తీరుకు బాధ కలిగింది. అందుకే నిర్ణయాన్ని అలాగే ఉంచి, మాటను మాత్రం తిరగరాశాను.

“నీ పని నువ్వే చేసుకో.”

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, సోమవారం సమావేశం కోసం 40 స్లైడ్లు తయారుచేసి పెట్టమన్న సేల్స్ సహోద్యోగికి:

“నమస్కారమండీ. ఈ సమావేశం మీకెంత ముఖ్యమో నాకు తెలుసు. అయితే శని, ఆదివారాలు ఇంటి పనులకు ముందే మాట ఇచ్చినందువల్ల స్లైడ్ల బాధ్యత తీసుకోలేను, మన్నించండి. గత మూడు నెలల అమ్మకాల పట్టిక నా దగ్గర సిద్ధంగా ఉంది, ఈ రాత్రి 8 గంటలలోపు పంపుతాను.”

“పాస్‌వర్డ్ ఇవ్వను, అడగకు.”

నా లాగిన్‌తో తానే బిల్లులు ఆమోదించుకుంటానన్న కొనుగోళ్ల విభాగం ఆయనకు:

“సార్, చెల్లింపు ఆలస్యమైతే సరఫరాదారులు మిమ్మల్నే నిలదీస్తారని నాకు తెలుసు. కానీ నా లాగిన్‌తో ఎవరు ఆమోదించినా సిస్టమ్‌లో నా పేరే నమోదవుతుంది కనుక, రేపు ఆడిట్‌లో ఆ 7 బిల్లుల గురించి అడిగితే, నేను కంటితో చూడని కాగితాలకు నేనే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీ మీద నమ్మకం లేక అంటున్న మాట కాదిది. ఎవరడిగినా నా సమాధానం ఇదే. మధ్యాహ్నం 3 గంటలకల్లా బిల్లులు నా బల్ల మీదికి చేర్పించండి, ఈ రోజే చూసి ఆమోదిస్తాను.”

“అబద్ధం చెప్పను.”

ముందే వెళ్లిపోయి, సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉన్నట్టు మేనేజర్‌తో చెప్పమన్న పక్క సీటు ఆవిడకు రాసిన జవాబు ఇది. మొదట “చూస్తానండీ” అని రాసి కొట్టేశాను, ఎందుకంటే ఆ మాట నమ్ముకుని ఆవిడ ధీమాగా ఉండిపోతే, అది మొహం మీద కాదనడం కన్నా పెద్ద అన్యాయం.

“మేడమ్, మీరు తొందరగా వెళ్లారంటే ఇంట్లో ఏదో అవసరం పడే ఉంటుంది, దాని గురించి నేను ఎవరితోనూ మాట్లాడను. కానీ మేనేజర్ గారు నేరుగా అడిగితే మీరు ఉన్నారని మాత్రం చెప్పలేను. ఆయన అడగకముందే మీరే ఒక మెసేజ్ పెడితే మంచిదని నా అభిప్రాయం. ఈలోగా మీకోసం ఫోన్లు వస్తే వివరాలు రాసి ఉంచుతాను.”

“డబ్బుల్లేవు.”

పాత బాకీ తీరకుండానే మళ్లీ అప్పు అడిగిన మిత్రుడికి:

“పాత మొత్తం కోసం మిమ్మల్ని తొందరపెట్టను గానీ, ఇప్పుడు మరో అప్పు ఇవ్వగల స్థితిలో నేను లేను. జీతంలో అడ్వాన్సు కోసం హెచ్‌ఆర్‌కు దరఖాస్తు పెట్టుకుంటానంటే, భోజన విరామంలో పక్కన కూర్చుని రాసి పెడతాను.”