అమ్మకి, నీ కొలతల పుస్తకం వెనక పేజీల్లో

అమ్మా,

వాట్సాప్‌లో పెడదామనుకున్నా గానీ కళ్లజోడు దొరకట్లేదని తమ్ముడితో చదివిస్తావు, వాడు నా గొంతు పెట్టి యాక్షన్ చేస్తూ మరీ చదువుతాడు, నాకొద్దు. అందుకే ఇక్కడ రాస్తున్నా. పెళ్లి సందడి అయ్యాక ఎవరో ఒకరు బ్లౌజు పీసు పట్టుకుని వస్తారు, అప్పుడు ఈ పుస్తకం తీస్తావు. అప్పటికి ఇంట్లో ఇంతమంది ఉండరు.

ఇప్పుడు రాత్రి ఒంటిగంటన్నర. హాల్లో పిన్ని వాళ్లు, అత్త వాళ్లు, పిల్లలు వరసగా పడుకున్నారు. కూలర్ ఎదురుగా ఎవరు పడుకోవాలని పదకొండు దాకా పంచాయితీ, చివరికి అమ్మమ్మ గెలిచింది. గోరింటాకు ఎండి పొడి పొడిగా పేజీ మీద రాలుతోంది, ఊదుకుంటూ రాస్తున్నా, మరకలు పడితే తిట్టకు.

అసలు సంగతికి వస్తా. నిన్న రాత్రి నేను నిద్రపోలేదమ్మా. అంతా చూశాను.

మూడు నెలల కింద నువ్వు ఒక మాటన్నావు, గుర్తుందా? "మగ్గం వర్క్ ఒక్కటి బయట చేయిద్దాం బిడ్డా, కుట్టుడు నేను కుడతా" అని. నేనేమో ఫోటోల్లో ఫినిషింగ్ రాదు, అందరూ డిజైనర్ దగ్గరే కుట్టించుకుంటున్నారు, నీకు ఇప్పటి కటింగులు తెలీవు అన్నా. చివరి మాట అనకుండా ఉండాల్సింది. మన గల్లీలో ఏ పెళ్లయినా పెళ్లికూతురి జాకెట్టు మన ఇంట్లోనే తయారయ్యేది, అవతలి గల్లీ వాళ్లు కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో అన్ని షాపులుండగా నీ దగ్గరికే వచ్చేవాళ్లు, నీ కూతురు మాత్రం తొమ్మిది వేలు పోసి ఏసీ షాపులో ఇచ్చి వచ్చింది. నువ్వు "సరే, నీ ఇష్టం" అని ఫాల్ కుట్టుకుంటూ కూర్చున్నావు. తల కూడా ఎత్తలేదు.

నిన్న సాయంత్రం జాకెట్టు వచ్చింది, వేసుకుంటే హుక్కులు అందలేదు. వాళ్లకి ఫోన్ చేస్తే మీరే లావయ్యారు మేడమ్, ఇప్పుడు కుదరదు, నాలుగు రోజులు పడుతుంది అన్నారు. ఆ కోపం వాళ్ల మీద చూపించలేక నీ మీద చూపించా. నువ్వు రోజూ నెయ్యి వేసి పెట్టడం వల్లే ఇదంతా అని అరిచా, అత్త వాళ్లు వింటున్నారని కూడా చూడలేదు.

అందరూ పడుకున్నాక నువ్వు వంటింట్లో తలుపు దగ్గరేసి కూర్చున్నావు. మెషిన్ తొక్కితే చప్పుడుకి ఎవరైనా లేస్తారని చేత్తోనే మొదలుపెట్టావు. నేను పడుకున్న చోటు నుంచి తలుపు సందులో నీ చేతులూ ఆ ఎర్ర బట్టా కనిపిస్తున్నాయి. బ్లేడుతో కుట్లు విప్పావు, లోపల ఎంత బట్ట వదిలారో వేలితో కొలిచావు, నీలో నువ్వే "ఛీ" అన్నావు. నువ్వయితే రెండు వేళ్ల బట్ట లోపలికి మడిచి పెడతావు కదా, పెళ్లయ్యాక ఒళ్లొస్తే విప్పుకుంటారని. వాళ్లు అరంగుళం కూడా వదల్లేదు.

తర్వాత బీరువా తాళం చప్పుడైంది. నీ పెళ్లి పట్టుచీర తెచ్చావు. దాన్ని అటూ ఇటూ తిప్పి, కట్టుకుంటే నడుము లోపలికి పోయే చివర చూసుకుని, కత్తెర పెట్టావు. ఆ కత్తెర చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోందమ్మా. ఎవరు ముట్టుకున్నా ఊరుకోవు ఆ చీరని, నేను తొమ్మిదో తరగతిలో ఫేర్‌వెల్‌కి అడిగితే కూడా ఇవ్వలేదు. లేచి వచ్చి ఆపాలనిపించింది, లేస్తే ఏం మాట్లాడాలో తెలియక దుప్పటి ముఖం మీదికి లాక్కున్నా. మూడున్నర దాకా కుట్టావు. దారం పంటితో తెంపడం మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా మానవు.

పొద్దున నువ్వు ఏమన్నావు? "ఇంకోసారి ఏసుకొని చూడు, నిన్న తొందర్ల హుక్కులు మంచిగ పెట్టుకోలేదేమో." వేసుకున్నా, సరిగ్గా సరిపోయింది. అత్త వచ్చి డిజైనర్ అంటే డిజైనరే అంది. నువ్వు తలూపావు, నేను కూడా నోరు మెదపలేదు. పొద్దుటి నుంచి అదే గుచ్చుకుంటోంది. ఇంతమందిలో నిన్ను పక్కకి పిలుద్దామంటే నువ్వు ఒక్క నిమిషం దొరకలేదు, ఒకసారి వంటవాళ్ల దగ్గర, ఒకసారి పూలవాడితో, ఇంకోసారి ఒడిబియ్యానికి కుడుకలు తక్కువయ్యాయని.

చంకల దగ్గర ఆ ముక్కలు చెయ్యెత్తితే తప్ప కనపడవు. మధుపర్కం చీర మీదికీ ఇదే జాకెట్టు కదా, తలంబ్రాలప్పుడు చేతులు పైకెత్తే పోస్తా. కనపడనీ. అత్త అడిగితే మా అమ్మ కుట్టిందని పందిట్లోనే చెప్తా, నువ్వు నన్ను గిల్లినా సరే.

సాయంత్రం అప్పగింతల్లో నాన్న ఏడుస్తాడు, అందరూ ఆయన్ని పట్టుకుంటారు. నువ్వేమో సారె సామాన్లు కారులో ఎక్కాయా, సకినాల డబ్బా పైన పెట్టారా అని తిరుగుతుంటావు, అది నాకు తెలుసు. ఒక్క నిమిషం నా పక్కన నిలబడు చాలు. అయినా నేను వెళ్లేది కూకట్‌పల్లికే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే మెట్రో మారాల్సిన పని కూడా లేదు, కేపీహెచ్‌బీ దాకా ఒకటే రైలు. ఇంకో నెలన్నరలో ఆషాఢం, అత్తాకోడళ్లు ఒక గడప దాటొద్దని వాళ్లే పంపిస్తారు. లాల్‌దర్వాజ బోనాలకి ఇక్కడే ఉంటా. ఇవన్నీ నాకు నేనే పది సార్లు చెప్పుకున్నా, అయినా కడుపులో ఏదోలా ఉంది, ఏం చేయను.

ఇంకో విషయం. వద్దు, దండగ అనకు. నీ మెషిన్‌కి మోటారు కొన్నా, డబ్బులు కట్టేశా. వచ్చే బుధవారం మనిషి వచ్చి బిగిస్తాడు. రాత్రుళ్లు మోకాళ్లకి ఆముదం రాసుకుంటూ నాన్నకి తెలియకుండా మూలగడం కూడా నేను వింటూనే ఉన్నాలే. మొదట్లో మోటారు ఉరుకుతుందట, పాత బట్ట మీద నాలుగు రోజులు అలవాటు చేసుకో, కస్టమర్ల బట్ట మీద ప్రయోగం చేయకు.

నా సూట్‌కేసులో కింద ఆది జాకెట్ ఒకటి పెట్టావు చూడు, అక్కడ ఎవరైనా టైలర్‌కి ఇవ్వాలంటే పనికొస్తుందని. దాన్ని తీసేశా. నీ మెషిన్ సొరుగులో, బాబిన్ల డబ్బా కింద ఉంది.

నీ
బుజ్జి