ఊతగెడ

కౌలుకి చేస్తున్న అరటితోటలో గెలలకి ఊతం పెట్టే వెదురు గెడలు ఎప్పుడు లెక్కపెట్టినా కృష్ణమూర్తికి ఒకటి తక్కువొచ్చేది. గాలికి విరిగి కాలవలో పోయిందనుకున్నాడు. చివరికది పెరటి గోడవారన దొరికింది. కొస చెక్కి ఉంది. నడుమ కొబ్బరి తాడు చుట్టి ఉంది.

"ఇదేంటే రత్నం?"

"ఈటె నాన్నా."

"రేపు గాలొచ్చి గెల పడిపోతే నీ ఈటె నిలబెడతదా?"

రత్నం మాట్లాడలేదు. కృష్ణమూర్తి ఆ గెడని తోటకి తీసుకుపోయాడు. మర్నాడు మాత్రం, మొదలు దగ్గర పగిలి ఊతానికి పనికిరాని గెడ ఒకటి అదే గోడకి ఆనించి ఉంది. ఎవరు పెట్టారో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

2021లో నీరజ్ చోప్రా టోక్యోలో 87.58 మీటర్లు విసిరినప్పుడు రత్నం ఆరో తరగతి. పక్కింటి అన్నయ్య ఫోన్లో ఆ ఒక్క విసురూ ఎన్నిసార్లు చూసిందో! ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చింది. గోదారి తగ్గి ముక్తేశ్వరం రేవు దిగువన ఇసుక మేట బయటపడితే చాలు, తెల్లారేసరికి అక్కడే ఉండేది.

వెదురు మాట వినదు. విసిరితే తోక ముందు నేలకి తగిలేది. ఈటెకి కొస ముందు తగలాలి, లేకపోతే ఆ విసురు లెక్కలోకి రాదు. అది రత్నానికి ఎవరూ చెప్పలేదు, ఫోన్లో చూసి పట్టుకుంది. ముందు కణుపుకి కన్నం పెట్టి, తడి ఇసుక కూరి, కొబ్బరి పీచు బిరడా కొట్టింది. అప్పుడు బరువు ముందుకొచ్చింది. వేలి మీద నిలబెట్టి, ఎటూ ఒరగని చోటు చూసి తాడు విప్పి మళ్లీ అక్కడ చుట్టింది. పధ్నాలుగేళ్ల పిల్ల, చెప్పేవాళ్లు లేకుండా, ఈ పని చెయ్యడానికి రెండు వేసవులు పట్టింది. ఆ రెండు వేసవులే నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టం.

విసిరాక అడుగులతో కొలుచుకునేది. ఇరవై రెండు. ఇరవై ఏడు. ఒక్కసారి ముప్ఫై మూడు.

ఆ ఆదివారం కోటిపల్లి నుంచి వచ్చిన పంటులో కాకినాడ అథ్లెటిక్స్ కోచ్ ఒకాయన ఉన్నారు, అమలాపురంలో పెళ్లికి వెళ్తున్నారు. పంటు మీంచి గెడ ఎగరడం చూశారు గానీ, దిగి వచ్చాక ఆయన గెడని చూడలేదు. వంగి ఇసుకని చూశారు. పరుగు ఆగిన చోట ఎడమ మడమ దిగబడిన గుంట ఉంది. మళ్లీ మళ్లీ అక్కడే దిగి జానెడు లోతు పడింది.

"ఎవరు నేర్పారమ్మా ఈ కాలు?"

"ఎవరూ లేదండి. కాలు గట్టిగా ఆపకపోతే చెయ్యి ముందుకెళ్లట్లేదండి."

"ఇంకోసారి విసురు."

విసిరింది. ఆయన పెళ్లికి ఆలస్యంగా వెళ్లారు.

తర్వాతి ఆదివారం మోటార్ సైకిల్‌కి గోనె చుట్టి కట్టుకొచ్చారు, 500 గ్రాముల ఈటె. పద్దెనిమిది నిండని ఆడపిల్లలకి ఆ బరువే. ఆ సరికి గెలలు ఎక్కించడానికని కృష్ణమూర్తి కూడా రేవులో ఉన్నాడు.

మొదటి విసురుకి ఈటె ముక్కు పైకి లేచి, గాల్లో ఆగినట్టయి, ఇసుక మీద చదునుగా పడింది. రత్నం మొహం వాడిపోయింది.

"గెడ బరువుకి అలవాటైన చెయ్యమ్మా నీది. దీన్ని పైకి తొయ్యకు, కొస ఎటు చూస్తే అటే లాగు. అన్ను రాణి కూడా వెదురుతోనే మొదలెట్టింది. 2023 ఆసియా క్రీడల్లో 62.92 విసిరి బంగారం తెచ్చింది."

"ఆయ్" అంది రత్నం, కళ్లు కొస మీంచి తియ్యకుండా.

మూడు విసుర్లు పాడయ్యాయి. నాలుగోదానికి ఎడమ మడమ గుంటలో దిగింది. ఈటె చప్పుడు చెయ్యకుండా వెళ్లి, మేట అవతలి అంచున తడి ఇసుకలో గుచ్చుకుని వణికింది.

కోచ్ సంచీలోంచి టేపు తీసేలోపే కృష్ణమూర్తి భుజం మీది గెల దింపి, గుంట దగ్గర నుంచి నడవడం మొదలెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. ఈటె దగ్గర ఆగి, దాన్ని ముట్టుకోకుండా వెనక్కి తిరిగాడు.

"ముప్ఫై ఎనిమిదండి మాస్టారూ. నా అడుగులు కదండీ. దాని అడుగులైతే నలభై దాటతాయి."