జూన్ 15 నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసులో

ఏప్రిల్ 6, 2026

అందరికీ నమస్కారం,

మంగళ, బుధ, గురువారాలు రాయదుర్గం ఆఫీసు నుంచి, సోమ, శుక్రవారాలు మీకు వీలైన చోటు నుంచి పనిచేయాలని నిర్ణయించాం. ఇది జూన్ 15 నుంచి విడతలవారీగా మొదలవుతుంది.

ముందుగా ఒక మాట. ఇంట్లో ఉండి మీరు పని తక్కువ చేశారని ఈ నిర్ణయం తీసుకోలేదు. 2020 మార్చిలో రెండు రోజుల్లో లాప్‌టాప్‌లు సర్దుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లు, ఆ తర్వాత ఒక్క రిలీజ్ కూడా ఆపలేదు. అది నేను మరిచిపోను.

మరి ఇప్పుడు ఎందుకు? ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ల కోసం. డిసెంబర్‌లో వచ్చిన 14 మంది ఫ్రెషర్లతో విడివిడిగా మాట్లాడాను. ‘చిన్న డౌట్‌కి సీనియర్‌కి కాల్ చేస్తే డిస్టర్బ్ అవుతారేమోనని రెండు రోజులు నేనే కుస్తీ పట్టాను’ అని ఒకరు కాదు, చాలామంది చెప్పారు. పక్క సీట్లో ఉంటే అది పది నిమిషాల పని. మనలో చాలామందికి పని అలాగే వచ్చింది. రెండో కారణం, టీముల మధ్య డిజైన్ చర్చలు. వైట్‌బోర్డు ముందు గంటలో తేలేవి కాల్స్‌లో వారాలు పడుతున్నాయి.

జూన్ 15 వారం నుంచి మేనేజర్లు, లీడ్‌లు వస్తారు. సీట్లు, నెట్‌వర్క్, క్యాంటీన్‌లో లోపాలుంటే ముందు మాకే తెలియాలి. హైదరాబాద్‌లో ఉంటున్న మిగతావారు జూలై 6 వారం నుంచి వారానికి ఒక రోజు, బుధవారం వస్తే చాలు. ఆగస్టు 3 వారం నుంచి మూడు రోజులూ రావాలి. విజయవాడ, వరంగల్, వైజాగ్ లాంటి ఊళ్లలో స్థిరపడినవారికి సంక్రాంతి తర్వాత, అంటే 2027 జనవరి 18 వారం వరకు సమయం ఉంది. పిల్లలు అక్కడి బడిలో చదువుతుంటే విద్యా సంవత్సరం మధ్యలో కదిలించకండి, 2027 జూన్ వరకు ఆగండి.

గర్భిణులు, ఏడాదిలోపు బిడ్డ ఉన్నవారు, వైకల్యం ఉన్నవారు, దీర్ఘకాలిక చికిత్సలో ఉన్నవారు, మంచాన పడ్డ అమ్మానాన్నలను చూసుకుంటున్నవారు ఇంటి నుంచే కొనసాగవచ్చు. ఆఫర్ లెటర్‌లో రిమోట్ అని ఉన్నవారికి ఏ మార్పూ లేదు. మెడికల్ కాగితాలు హెచ్‌ఆర్‌కి మాత్రమే ఇవ్వండి, మేనేజర్‌కి కారణం చెప్పనక్కర్లేదు. ఈ జాబితాలో లేని ఇబ్బంది ఉన్నా రాయండి, వారంలోపు జవాబిస్తాం.

ట్రాఫిక్ సంగతి తెలుసు. ఉదయం 8 నుంచి 11 లోపు ఎప్పుడైనా రావచ్చు. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి షటిల్ ఉంటుంది. ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉన్న వాన రోజుల్లో ఎవరూ బయల్దేరవద్దు. రెండో అంతస్తులోని క్రెష్ జూన్ 15కే తెరుస్తున్నాం. తల్లులు రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు, అది చట్టమిచ్చిన హక్కు.

హాజరు లెక్క అప్రైజల్‌లోకి రాదు. ఎవరైనా రాలేకపోతుంటే మేనేజర్ మొదట అడగాల్సింది ‘ఏం ఇబ్బంది?’ అనే.

గురువారం, ఏప్రిల్ 9 సాయంత్రం 4 గంటలకు అందరితో కాల్ ఉంది. ప్రశ్నలు పేరు లేకుండా కూడా పంపవచ్చు.

డెలివరీ హెడ్,
హైదరాబాద్ ఆఫీసు