వైఫై విషయం: పెద్ద డౌన్‌లోడ్లు, గేమ్ అప్‌డేట్లు, టీవీ గురించి నా ప్రతిపాదన

రాజా అన్నా, సురేశ్, అనిల్,

కొంచెం పెద్ద మెసేజ్. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ ఆదివారం లోపు చదవండి.

మొన్న సోమవారం రాత్రి సురేశ్ ఇంటర్వ్యూ మధ్యలో నెట్ ఆగిపోయింది కదా, అది నా వల్లే. 7:30కి నా ప్లేస్టేషన్‌లో 85 జీబీ అప్‌డేట్ మొదలుపెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి సురేశ్ బాల్కనీలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఫోన్‌ని తులసి కుండీకి ఆనించి మొబైల్ డేటా మీద మాట్లాడుతున్నాడు. పక్కింట్లో మిక్సీ తిరుగుతుంటే "సారీ సర్, కుడ్ యూ రిపీట్" అని మూడుసార్లు అన్నాడు. లోపలికొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. పెరుగన్నం తిని పడుకున్నాడు. ఆరు వారాలు ప్రిపేరైన రౌండ్ అది. వాడికి మళ్లీ పిలుపొస్తుందని గట్టిగా నమ్ముతున్నాను. కానీ ఇంకోసారి ఇలా మనలో ఎవరికీ జరగకూడదు. అందుకే ఈ వారమంతా రౌటర్ లెక్కలు చూసి ఇది రాస్తున్నాను.

ముందు నాకు అర్థమైంది చెప్తాను, ఎందుకంటే రూల్స్ అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. మనది 100 ఎంబీపీఎస్ ప్లాన్. హాల్ టీవీలో 4కే సినిమాకి దాదాపు 15 చాలు. ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీకి 5. అనిల్ వీడియో కాల్‌కి 4 అనుకుందాం. అంటే టీవీ నడుస్తూ, ఇద్దరు ఫోన్లలో చూస్తూ, అనిల్ కాల్‌లో ఉన్నా మొత్తం 30 దాటదు. ఇంకా 70 మిగులుతుంది. మరి ఎందుకు ఆగిపోతోంది? గేమ్ డౌన్‌లోడ్ అలా కాదు. దానికి ఇంత చాలు అనేది ఉండదు, ఎంత దొరికితే అంతా లాగేస్తుంది. దాని డేటా రౌటర్ దగ్గర క్యూ కట్టేస్తే, కాల్‌లోని చిన్న చిన్న మాటల ప్యాకెట్లు లారీల వెనక ఇరుక్కున్న బైక్‌లా నిలబడిపోతాయి. మీరూ చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
ping -t 8.8.8.8
```

నేను బుధవారం ఉదయం చూశాను. ఏ డౌన్‌లోడూ లేనప్పుడు జవాబు రావడానికి 8, 9 మిల్లీసెకన్లు పట్టింది. ప్లేస్టేషన్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టగానే 300 దాటి, మధ్యలో రెండు మూడు సార్లు టైమౌట్ అయింది. కాల్‌లో మనిషి రోబోలా మాట్లాడేది అందుకే. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారినా డౌన్‌లోడ్ అది కూడా లాగేస్తుంది, కాకపోతే త్వరగా అయిపోతుంది అంతే. కాబట్టి స్పీడ్ పెంచడం కంటే ముందు టైమ్ సర్దుకోవాలి.

టైమ్ దగ్గరే అసలు చిక్కు. మామూలుగా ఏ ఫ్లాట్‌లో అయినా "పెద్ద డౌన్‌లోడ్లు రాత్రి పెట్టుకోండి" అంటారు. మన దగ్గర అది అన్యాయం. అనిల్ షిఫ్ట్ సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30 దాకా. మనం పడుకున్నాక అప్‌డేట్ పెడితే వాడి ఉద్యోగం మీద పెట్టినట్టే. ఈ ఇంట్లో రాత్రి ఒంటిగంట అంటే ఖాళీ టైమ్ కాదు, ఆఫీస్ టైమ్. ఇన్నాళ్లూ ఇది మనకి తట్టలేదు, వాడూ నోరు తెరిచి అడగలేదు.

అందుకే నేను అనుకుంటున్నది ఇది. 10 జీబీ దాటిన ఏ డౌన్‌లోడ్ అయినా ఫుల్ స్పీడ్‌తో పెట్టుకోవడానికి రెండు టైమ్‌లు. ఒకటి, రోజూ తెల్లవారుజామున 4 నుంచి ఉదయం 9 దాకా. రెండోది మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5:30 దాకా. ఆ మూడు రోజులూ ముగ్గురం ఆఫీసుకి వెళ్తాం, అనిల్ మధ్యాహ్నం దాకా నిద్రలో ఉంటాడు. 100 ఎంబీపీఎస్ అంటే గంటకి గరిష్ఠంగా 45 జీబీ. నిజంగా 40 వచ్చినా ఏడు గంటల్లో 280 జీబీ అవుతుంది, ఎంత పెద్ద గేమైనా సరిపోతుంది. సిస్టమ్ ఆన్‌లో ఉంచి స్టీమ్ నడుస్తుంటే, ఆఫీసు నుంచే ఫోన్‌లో స్టీమ్ యాప్‌తో డౌన్‌లోడ్ మొదలుపెట్టొచ్చు. ప్లేస్టేషన్ యాప్‌లోనూ ఇది కుదురుతుంది.

ఈ టైమ్‌లు కాకుండా మిగతా వేళల్లో పెట్టాల్సి వస్తే 30 ఎంబీపీఎస్‌కి మించకుండా పెట్టుకుందాం. స్టీమ్‌లో Settings, Downloads లోకి వెళ్తే Limit download speed అని ఉంటుంది. కిలోబైట్లలో అడిగితే 3750 వేయండి. 85 జీబీకి ఆరు గంటల పైన పడుతుంది, కానీ ఎవరి ఫోన్ కాల్ కూడా తెగదు. అదే పేజీలో ఆటో అప్‌డేట్లు ఏ టైమ్ మధ్యలో జరగాలో కూడా పెట్టుకోవచ్చు, సురేశ్, అది 4 నుంచి 9కి పెట్టేయి. నా ప్లేస్టేషన్‌లో స్పీడ్ తగ్గించే ఆప్షన్ లేదు. కాబట్టి అది పైన చెప్పిన రెండు టైమ్‌లలో మాత్రమే డౌన్‌లోడ్ చేస్తుంది, నాకు ఈ సడలింపు వర్తించదు.

సురేశ్, అనిల్, మీరిద్దరూ ఒకే గేమ్ ఆడుతున్నారు. ఇద్దరూ విడివిడిగా 60 జీబీ దింపక్కర్లేదు. స్టీమ్‌లో Game File Transfer over Local Network అని ఉంది. ఒకరు దింపాక రెండోవాళ్ల సిస్టమ్ ఇంటర్నెట్ నుంచి మళ్లీ దింపకుండా మొదటి సిస్టమ్ నుంచే ఫైళ్లు తీసుకుంటుంది. రెండూ ఒకే టైమ్‌లో ఆన్‌లో ఉండి, స్టీమ్‌లో లాగిన్ అయి ఉండాలి. వైఫై మీద నెమ్మదిగా ఉంటే నా దగ్గర రెండు ల్యాన్ కేబుళ్లు ఉన్నాయి, రౌటర్‌కి గుచ్చుకోండి.

అప్‌లోడ్ కూడా మర్చిపోవద్దు. మొన్న రాజా అన్న చెల్లెలి పెళ్లి వీడియోలు డ్రైవ్‌లోకి ఎక్కించినప్పుడు నా మీటింగ్‌లో అవతలివాళ్లకి నా గొంతు ముక్కలు ముక్కలుగా వినపడింది. ఫోటోల బ్యాకప్, వీడియోల అప్‌లోడ్, టొరెంట్ సీడింగ్, వీటికీ అవే టైమ్‌లు.

ఇక ముఖ్యమైన కాల్ ఉంటే, అంటే ఇంటర్వ్యూ, క్లయింట్ డెమో, పరీక్ష లాంటివి, ముందురోజు గ్రూప్‌లో టైమ్ వేయండి. ఆ టైమ్‌లో ఎవరి డౌన్‌లోడ్ అయినా ఆగాలి, కారణం అడగకూడదు. అప్పటికప్పుడు వచ్చిన కాల్ అయితే ఒక్క మాట "ఆపండి" అని పెడితే చాలు. శనివారం రాత్రి అందరం ఆడదామనుకుంటే అప్‌డేట్ అడిగిందనుకోండి, అప్పుడు గ్రూప్‌లో అడిగి, కాల్‌లో ఎవరూ లేకపోతే పెట్టేసుకుందాం. అంత పట్టింపు వద్దు.

ఇప్పుడు రెండో సమస్య. దీన్ని మనం మొదటిదాంతో కలిపేసి గొడవ పడుతున్నాం, కానీ అది వేరు, ఇది వేరు. మన ప్లాన్‌కి నెలకి 1000 జీబీ లిమిట్, అది దాటితే 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. పోయిన నెల 24నే అయిపోయింది. నెలాఖరు దాకా యూపీఐ పేమెంట్‌కి కూడా బయటికెళ్లి నిలబడ్డాం. అప్పుడు అందరం గేమ్‌ల వల్లే అనుకున్నాం. రౌటర్ యాప్‌లో చూస్తే హాల్ టీవీ 410 జీబీ, నా ప్లేస్టేషన్ 190, సురేశ్ సిస్టమ్ 170, అనిల్ ల్యాప్‌టాప్ 90, అందరి ఫోన్లూ కలిపి 140. అంటే ఎక్కువ తీసుకున్నది టీవీ. 4కే సినిమా గంటకి 7 జీబీ దాకా తీసుకుంటుంది, ఫుల్ హెచ్‌డీ అయితే 3 లోపే. రోజుకి రెండున్నర గంటలు 4కేలో చూస్తే నెలకి 525 జీబీ, ఫుల్ హెచ్‌డీలో 225. మన 43 అంగుళాల టీవీకి, సోఫా ఉన్న దూరానికి ఆ తేడా పెద్దగా కనపడదు. నిన్న ఒకే సీన్ రెండు రకాలుగా పెట్టి చూశాను, ఎడారి ఇసుక దగ్గర తప్ప నాకైతే తెలియలేదు. కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫుల్ హెచ్‌డీ, శనాదివారాల్లో అందరం కలిసి చూసే సినిమా మాత్రం 4కే. మ్యాచ్ ఉన్న రోజు నాలుగు ఫోన్లలో నాలుగు చోట్ల కాకుండా హాల్లో ఒకే టీవీలో చూద్దాం, అదెలాగూ బాగుంటుంది. టీవీ ఆన్‌లో పెట్టి ఎవరైనా నిద్రపోతే చూసినవాళ్లు ఆపేయండి.

లెక్క ఇలా వేశాను. టీవీకి 250, మనిషికి 175 చొప్పున 700, మిగిలిన 50 చేతిలో ఉంచుకుందాం. ఎవరికైనా ఆ నెల ఎక్కువ కావాలంటే ముందుగా చెప్పి, తక్కువ వాడేవాళ్ల దగ్గర తీసుకోవచ్చు. కొత్త గేమ్ వచ్చిందనో, రాజా అన్న కోర్సు వీడియోలు దింపాలనో నెల నెలా మారుతూనే ఉంటుంది. చెప్పకుండా దాటితే అదనపు డేటా డబ్బులు వాళ్లే కట్టాలి. ఈ ప్లాన్‌కి అందరం తలా 1,414 సమానంగా ముందే కట్టాం, కాబట్టి మార్చి దాకా ప్లాన్ మార్చలేం. మార్చిలో పెద్ద లిమిట్ ఉన్న ప్లాన్ చూద్దాం, దానికి నేను రెడీ.

ఇంకొకటి, నాకు ఇదే చాలా ముఖ్యం. రౌటర్ పాస్‌వర్డ్ ఇన్నాళ్లూ నా ఒక్కడి దగ్గరే ఉంది. అది న్యాయం కాదు. ఇప్పుడే ఫ్రిజ్ మీద చీటీ అంటించాను, నలుగురూ 192.168.1.1 లోకి వెళ్లి లెక్క చూసుకోవచ్చు. అందులో ఏ డివైస్ ఎంత వాడిందో మాత్రమే కనపడుతుంది, ఎవరు ఏం చూశారో కనపడదు. కానీ ఒకరి డివైస్‌ని ఇంకొకరు వాళ్లని అడగకుండా బ్లాక్ చేయకూడదు, ఎంత కోపం వచ్చినా సరే. ఎవరిదైనా డౌన్‌లోడ్ కనపడితే ముందు తలుపు కొట్టి అడగండి. చాలాసార్లు అది వాళ్లకే తెలియకుండా మొదలైన ఆటో అప్‌డేట్ అయి ఉంటుంది.

ఇందులో మీకు నచ్చనిది మార్చుకుందాం. ముఖ్యంగా అనిల్, తెల్లవారుజామున 4కి మొదలయ్యే టైమ్ నీకు సరిపోతుందో లేదో చెప్పు, షిఫ్ట్ లేటయ్యే రోజులుంటే 5 చేద్దాం. రాజా అన్నా, సోమ, శుక్రవారాలు మీరూ సురేశూ ఇంటి నుంచి పనిచేస్తారు కాబట్టి ఆ రోజులు వదిలేశాను, పొరపాటు ఉంటే సరిచేయండి.

ఆదివారం అనిల్ లేచాక, ఒంటిగంటకి భోజనం దగ్గర మాట్లాడుకుందాం. బిర్యానీ నేను తెప్పిస్తాను. ప్లేస్టేషన్‌లో ఆటో అప్‌డేట్ ఆపేశాను, సోమవారం సగంలో ఆపిన ఆ 85 జీబీలో మిగిలింది వచ్చే మంగళవారం అందరూ ఆఫీసుకి వెళ్లాకే పెడతాను.

కార్తీక్