పరాగ సంపర్క జీవుల క్షీణత: కారణాలు, పంటల ఉత్పత్తిపై ప్రభావం

నమూనా సంక్షిప్త సమాధానం
వ్యవసాయ డిప్లొమా రెండో సంవత్సరం, హైదరాబాద్

ప్రశ్న: పరాగ సంపర్క జీవులు ఎందుకు తగ్గిపోతున్నాయి? దాని వల్ల పంటల ఉత్పత్తికి కలిగే నష్టాన్ని మన ప్రాంతపు ఉదాహరణలతో వివరించండి.

సమాధానం:

(అ) పరిచయం

పుప్పొడిని ఒక పువ్వు నుంచి మరో పువ్వు కీలాగ్రానికి చేర్చే తేనెటీగలు, తుమ్మెదలు, ఈగలు, సీతాకోకచిలుకలు, గబ్బిలాలు మొదలైన వాటిని పరాగ సంపర్క జీవులంటారు. ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల్లో సుమారు 75 శాతం ఎంతో కొంత వీటి మీద ఆధారపడుతున్నాయి. అయితే మొత్తం ఉత్పత్తి పరిమాణంలో ఆ పంటల వాటా దాదాపు 35 శాతమే, ఎందుకంటే వరి, గోధుమ, మొక్కజొన్న గాలి వల్లనో స్వపరాగ సంపర్కం వల్లనో గింజ కడతాయి. కాబట్టి తేనెటీగలు తగ్గినంత మాత్రాన అన్నానికి కరువు రాదు; ఆ అన్నంలోకి కావలసిన కూరగాయలు, నూనెగింజలు, ఆ పైన తినే పండ్లు తగ్గుతాయి. విటమిన్ ఎ, విటమిన్ సి ఎక్కువగా వచ్చేది వీటి నుంచే.

(ఆ) కారణాలు

కారణాలు అనేకమైనా అన్నిటి బరువూ ఒకటి కాదు. మన పొలాల్లో ముందు చెప్పవలసినవి పురుగుమందులు, గట్ల మీది పూల మొక్కలు పోవడం. పుచ్చ, దోస పువ్వులు ఉదయం విచ్చుకుంటాయి, తేనెటీగలు ఆ వేళకే వస్తాయి, ఎండ ముదరక ముందే పని ముగించాలని రైతు మందు కొట్టేదీ ఆ వేళకే. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ మందులు మొక్క అంతటా వ్యాపించి పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా చేరతాయి. ఆ మోతాదుకు తేనెటీగ వెంటనే చావకపోయినా దారి తప్పి గూటికి చేరలేకపోవచ్చు. ఈ కారణంగానే ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది.

గట్టు మీద గడ్డిచామంతి, తుమ్మి పూస్తూ ఉంటే పంట పూతలో లేని నెలల్లో తేనెటీగకు మేత దొరుకుతుంది. కలుపు మందుతో గట్టును కూడా మాడ్చి, మైళ్ల పర్యంతం ఒకే పంట వేసినప్పుడు ఆ పూత అయిపోగానే వాటికి ఆకలి మొదలవుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల మరో కారణం ఉంది. పెద్ద తేనెటీగలు తుట్టె కట్టే రాతి గుట్టలను పగలగొట్టి ఇళ్లు కట్టడంతో అవి నీళ్ల ట్యాంకుల కిందికి, అపార్ట్‌మెంట్ సజ్జల కిందికి చేరుతున్నాయి. కుడతాయన్న భయంతో వాటికి రాత్రిపూట మంట పెట్టి తుట్టెను ఈగలతో సహా కాల్చివేయడం అన్యాయమే కాక, శివారు తోటలకు నష్టం కూడా.

వీటికి తోడు తెగుళ్లున్నాయి. 1990ల తొలి సంవత్సరాల్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణ భారతంలో పుట్ట తేనెటీగల పెంపకాన్ని చాలావరకు తుడిచిపెట్టింది. వాతావరణ మార్పు వల్ల పూత సమయమూ కీటకాల రాక సమయమూ ఒకదానికొకటి తప్పిపోతున్నాయి.

(ఇ) పంటలపై ప్రభావం

ఈ నష్టం తెగులులా ఆకు మీద కనిపించదు. తీగ పచ్చగానే ఉంటుంది, పిందె మాత్రం పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. పుచ్చలో ఆడ పువ్వు ఒక్కరోజే విచ్చుకుని ఉంటుంది. ఆ కొద్ది గంటల్లో కీలాగ్రం అంతటా తగినంత పుప్పొడి పడకపోతే కాయ ఒకవైపు ఊరి మరోవైపు సన్నబడుతుంది. అటువంటి వంకర కాయను కోసి చూస్తే సన్నబడిన వైపు గింజలు తెల్లగా, పలచగా, తాలుగా ఉంటాయి. రైతుబజారులో దానికి ధర పలకదు, రైతు విత్తనాన్ని తప్పుపడతాడు. పొద్దుతిరుగుడులో పువ్వు మధ్యభాగం తాలు పోయి, గింజ బరువూ నూనె శాతమూ తగ్గుతాయి.

తేనెటీగల పెట్టెలు పెడితే సరిపోతుందనుకోవడం సగమే నిజం. పొద్దుతిరుగుడుకు హెక్టారుకు ఐదు పెట్టెలు ఉపయోగపడతాయి. కానీ వంకాయ పువ్వు పుప్పొడి బాగా రాలాలంటే తుమ్మెద దాన్ని పట్టుకుని ఝుమ్మని కంపింపజేయాలి, ఆ పని పెట్టెలోని తేనెటీగకు చేతకాదు. మామిడికి ఈగలు, సీతాఫలానికి చిన్న పెంకు పురుగులు ముఖ్యం. వీటిని పెట్టెల్లో తెచ్చి పెట్టలేము. ఎండుకొమ్మలు, చెత్త కుళ్లే చోట్లు, పూల గట్లు మిగిల్చి, పూత దశలో తప్పనిసరైతేనే సాయంత్రం వేళ మందు కొట్టి నిలుపుకోవాలి. చైనాలోని సిచువాన్‌లో హన్యువాన్ ప్రాంతపు రైతులు పియర్ చెట్లెక్కి ఒక్కొక్క పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతున్నారు. ఎకరాల కొద్దీ విరగబూసే మామిడి తోటలో ఆ కూలి ఖర్చును మన రైతు భరించలేడు.