మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ కావాలి (అనంతపురం): ఉద్యోగ వివరాలు, స్క్రీనింగ్ టాస్క్

మాది అనంతపురంలో చెక్క గానుగ నూనెల యూనిట్. వేరుశనగ, నువ్వులు, కుసుమ, కొబ్బరి ఆడిస్తాం. నాలుగు గానుగలు, తొమ్మిది మందిమి. ఆరేళ్లుగా అమ్మకాల పని నేనే చూసుకుంటున్నాను. పొద్దున గింజల బేరం, మధ్యాహ్నం పార్సిళ్లు, రాత్రి పదకొండింటికి కూర్చుని వాట్సాప్‌లో జవాబులు. పోయిన నెల ఒక కస్టమర్ అడిగిన ప్రశ్నకు నాలుగు రోజుల తర్వాత జవాబు ఇచ్చాను. అప్పటికే ఆవిడ వేరేచోట కొనేశారు. ఈ పనికంటూ ఒక మనిషి ఉండాలని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

మీకంటే ముందు ఈ పని చేసినవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. మార్కెటింగ్ నేర్పించే సీనియర్ ఉండరు. నూనె గురించి, కస్టమర్ల గురించి నాకు తెలిసినదంతా నేర్పిస్తాను. మిగతాది ఇద్దరం కలిసి నేర్చుకోవాలి.

పని ఏమిటి

లీటరు వేరుశనగ నూనెకు దాదాపు రెండున్నర కిలోల గింజలు పడతాయి. కాబట్టి రిఫైన్డ్ ప్యాకెట్ ధరకు మేం ఎప్పటికీ ఇవ్వలేం. ఆ తేడా ఎందుకు వస్తుందో కొనేవాళ్లకు అర్థమయ్యేలా, ఒక్క అబద్ధం కూడా లేకుండా చెప్పగలగాలి. ఈ ఉద్యోగంలో అసలు పని అదే.

ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మొదట్లో మేమే తప్పు చేశాం. ప్రింటింగ్ వాళ్లు రాసిచ్చిన మాటలు చదివీ చదవకుండా పాంప్లెట్ వేయించాం. ‘షుగర్ తగ్గుతుంది, గుండెజబ్బులు రావు’ అని ఉంది అందులో. కొన్నాళ్లకు ఒక పెద్దాయన ఫోన్ చేసి, “అమ్మా, మీ నూనె వాడుతున్నా కదా, షుగర్ మాత్రలు ఆపేయొచ్చా?” అని అడిగారు. నాకు చేతులు వణికాయి. మాత్రలు ఆపొద్దని, డాక్టరు గారి మాటే వినాలని బతిమాలి చెప్పాను. మిగిలిన పాంప్లెట్లు ఆ సాయంత్రమే చించేశాం. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు 2006 ఆహార భద్రత చట్టం కింద పది లక్షల దాకా జరిమానా పడొచ్చని నాకు తర్వాత తెలిసింది. కానీ జరిమానా కన్నా ఆయన గొంతే నాకు ఎక్కువ గుర్తుంది.

రోజువారీగా మీరు చేయాల్సినవి ఇవి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చే ప్రశ్నలకు అదే రోజు జవాబు ఇవ్వాలి. పాత కస్టమర్లలో రోజుకు ఐదుగురికి ఫోన్ చేసి, నూనె ఎలా ఉందో అడిగి, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు రాసిపెట్టాలి. వారానికి రెండు చిన్న వీడియోలు గానుగ దగ్గరే ఫోన్‌తో తీయాలి. నెలకు రెండు ఆదివారాలు బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో స్టాల్ పెట్టాలి (బదులుగా మంగళవారం సెలవు). ప్రకటనల ఖర్చు నెలకు 30,000 రూపాయలు మీ చేతిలో ఉంటుంది. అందులో 3,000 దాకా నన్ను అడగక్కర్లేదు. సంక్రాంతి, ఉగాది ముందు వారం మాత్రం అందరం ప్యాకింగ్‌లో కూర్చుంటాం, మీరు కూడా.

ఇప్పుడు కొత్తగా కొన్న ముగ్గురిలో ఒకరే రెండోసారి కొంటున్నారు. ఆరు నెలల్లో అది ఇద్దరిలో ఒకరు కావాలి. మీ పనిని ఈ ఒక్క లెక్కతోనే చూస్తాను. లైకులు, ఫాలోయర్లు అడగను.

ఎవరు కావాలి

తెలుగు తేలిగ్గా, తప్పుల్లేకుండా రాయాలి. ఇంగ్లీషు పని జరిగేంత చాలు. కన్నడ మాట్లాడగలిగితే స్టాల్ దగ్గర చాలా ఉపయోగం. ఎక్సెల్‌లో కూడికలు, శాతాలు రావాలి. ఏ డిగ్రీ అయినా పర్వాలేదు, ఎంబీఏ అక్కర్లేదు. ఎక్కడైనా ఒక ఏడాది అమ్మకాల పని చేసి ఉండాలి. బట్టల షాపు కౌంటరైనా, మెడికల్ రెప్ అయినా, ఇంట్లో చీరలు అమ్మిన అనుభవమైనా మాకు అనుభవమే. పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్లీ మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లు మొహమాటపడకుండా అప్లై చేయండి.

జీతం నెలకు 24,000. మూడు నెలల తర్వాత పని కుదిరితే 27,000. బెంగళూరు ప్రయాణం, భోజనం ఖర్చు వేరుగా ఇస్తాం. పని వేళలు పది నుంచి ఆరున్నర. రాత్రి మెసేజ్‌లకు జవాబు ఇవ్వక్కర్లేదు, ఆ తప్పు నేను చేసింది చాలు.

ఎలా అప్లై చేయాలి

ఈ ప్రకటన మీకు వచ్చిన వాట్సాప్ నంబరుకే నవంబరు 22 లోపు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపండి. ఈ మధ్య మీరు ఎవరికైనా ఏదైనా అమ్మిన లేదా ఒప్పించిన సంగతి చెప్పండి. రెజ్యూమె ఉంటే జతచేయండి, లేకపోయినా సరే. పది మందిని ఎంచి కింది టాస్క్ చేయమంటాం. పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ, ఉద్యోగం వచ్చినా రాకపోయినా, 1,000 రూపాయలు పంపిస్తాం. ఎంపిక కానివాళ్ల రాతలు, ఐడియాలు మేం వాడుకోం.

స్క్రీనింగ్ టాస్క్

మూడు గంటలకు మించి పెట్టకండి. అందం అక్కర్లేదు, మామూలు వర్డ్ ఫైలు చాలు.

ఒకటి. ఇది గత మూడు నెలల లెక్క. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనలకు 36,000 ఖర్చు, 90 మంది కొత్తవాళ్లు కొన్నారు, వాళ్లలో 11 మంది మళ్లీ కొన్నారు. బెంగళూరు స్టాళ్లకు 28,000 ఖర్చు, కొత్తవాళ్లు 56 మంది, మళ్లీ కొన్నది 25 మంది. పాత కస్టమర్లు చెప్పగా వచ్చినవాళ్లు 48 మంది, వాళ్లలో మళ్లీ కొన్నది 29 మంది. చెప్పినవాళ్లకు ఒక్కో కొత్త కస్టమరుకు అరలీటరు ఉచితంగా ఇచ్చాం, దాని ఖర్చు మొత్తం 8,160. మా దగ్గర ఎక్కువగా పోయేది ఐదు లీటర్ల టిన్ను. నాలుగు స్టాళ్లలో ఆఖరిది పెట్టి మూడు వారాలే అయింది. వచ్చే నెల 30,000 ఎక్కడెక్కడ పెడతారు, ఎందుకు? ఒక పేజీలో రాయండి. నిర్ణయానికి ముందు నన్ను అడగాల్సినవి ఉంటే అవీ రాయండి.

రెండు. హైదరాబాద్ నుంచి ఒక కస్టమర్ ఇలా మెసేజ్ పెట్టారు: “టిన్ను అడుగున ఏదో మడ్డిలా పేరుకుంది. మా అత్తగారు కల్తీ అంటున్నారు. డబ్బులు వెనక్కి ఇవ్వండి.” మేం నూనెను నాలుగు రోజులు తేర్చి బట్టతో వడకడతాం, అయినా సన్నటి మడ్డి కొంత దిగుతుంది. అలాగని ఈ టిన్నులో ఉన్నది అదేనని చూడకుండా చెప్పలేం. ఆవిడకు పంపే జవాబు రాయండి. ఆవిడకే కాదు, ఆ మెసేజ్ అత్తగారికి కూడా చదివి వినిపిస్తారని గుర్తుపెట్టుకోండి.

మూడు. మా పాత పాంప్లెట్‌లో ఇంకో వాక్యం ఉండేది: ‘మా నూనెలో కొలెస్ట్రాల్ సున్నా!’ గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ఈ వాక్యం తీసేసి, మా వేరుశనగ నూనె గురించి ఐదు వాక్యాల్లో కొత్తది రాయండి. గానుగ చూడాలనుకుంటే ఏ పూట అయినా రండి, ఆడుతున్నప్పుడు వచ్చే వాసన చూసి రాస్తే ఇంకా మంచిది.

నేనూ, మా ప్యాకింగ్ చూసుకునే అక్కా కూర్చుని చదువుతాం. ఎక్కువ మార్కులు రెండో ప్రశ్నకే. నవంబరు 30 కల్లా పది మందికీ ఫోన్ చేసి ఫలితం, మాకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అన్నది చెబుతాను. ఎంపికైనవాళ్లు డిసెంబరు మొదటి వారంలో చేరితే సంక్రాంతి ఆర్డర్లకు ముందు ఒక నెల చేతిలో ఉంటుంది.